సాయంత్రం లోడ్ తగ్గించమని ఇరుగుపొరుగును ఎలా అడగాలి: అసోసియేషన్ కార్యదర్శి ప్రసంగానికి సమగ్ర మార్గదర్శి

ఎండలు ముదిరాక రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోవడం మొదలవుతుంది. నాలుగు రోజులు వరసగా పోయాక అందరూ అసోసియేషన్ కార్యదర్శి వైపు చూస్తారు. ఆయనో ఆవిడో ఒక సమావేశం పెట్టి "దయచేసి కరెంటు పొదుపుగా వాడండి" అంటారు. అందరూ తల ఊపి ఇళ్లకు వెళ్లిపోతారు. మర్నాడు అదే వేళకు మళ్లీ కరెంటు పోతుంది.

ఆ మాట పనిచేయకపోవడానికి కారణం జనం మొండితనం కాదు. ఏ పరికరం, ఏ వేళలో, ఎంతసేపు ఆపాలో, ఎంతమంది ఆపితే సరిపోతుందో ఆ ప్రసంగంలో ఎవరూ చెప్పలేదు. ఈ నాలుగూ చెప్పగలిగితే ఏడు నిమిషాల మాటతో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒడ్డున పడేయవచ్చు. కానీ అవి చెప్పాలంటే మైకు పట్టుకోవడానికి ముందు వారం రోజుల పని ఉంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం దాకా ప్రసంగం జోలికే వెళ్లం.

మొదటి అడుగు: కరెంటు ఎక్కడ పోతోందో తెలుసుకోండి

రాత్రి పూట కరెంటు పోవడానికి మూడు చోట్ల కారణం ఉండొచ్చు. మూడింటికీ ఒకే ప్రసంగం చెల్లదు.

మొదటిది పైనుంచి వచ్చే కోత. సాయంత్రం సూర్యుడు దిగగానే సోలార్ ఉత్పత్తి పడిపోతుంది. సరిగ్గా అప్పుడే జనం ఇళ్లకు చేరి లైట్లు, ఏసీలు, పొయ్యిలు వేస్తారు. వాడకానికి తగ్గ ఉత్పత్తి లేకపోతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. అది మరీ పడిపోతే గ్రిడ్ మొత్తం కుప్పకూలే ప్రమాదం ఉంటుంది కాబట్టి కంట్రోల్ రూమ్ వాళ్లు కొన్ని ఫీడర్లను, అంటే సబ్‌స్టేషన్ నుంచి వీధులకు వెళ్లే లైన్లను, వంతులవారీగా ఆపుతారు. అసలు లోడ్ షెడ్డింగ్ అంటే ఇదే. దీన్ని గుర్తుపట్టడం తేలిక. చుట్టుపక్కల వీధులన్నీ ఒకేసారి చీకటవుతాయి, కరెంటు గంటో అరగంటో లెక్కప్రకారం పోయి లెక్కప్రకారం వస్తుంది.

రెండోది ఫీడర్ మీద లోడ్ ఎక్కువై సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోవడం. అప్పుడు మీ వీధి, వెనక వీధి పోతాయి, రోడ్డుకు అవతలి పక్క వెలుగుతూనే ఉంటుంది.

మూడోది మీ సొంత ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేకపోవడం. అప్పుడు పోయేది మీ ఒక్క సముదాయంలోనే. చాలాసార్లు అందులోనూ మూడో వంతు ఇళ్లకే పోతుంది, ఎందుకంటే సముదాయానికి కరెంటు మోసే మూడు ఫేజు తీగల్లో ఒక్కదాని ఫ్యూజు మాత్రమే ఎగిరిపోయి ఉంటుంది.

కాపలా మనిషి దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి మూడే వివరాలు రాయించండి: ఏ వేళకు పోయింది, ఏ వేళకు వచ్చింది, గేటు బయట వీధి దీపాలు వెలుగుతున్నాయా లేదా. వారం తిరిగేసరికి విషయం తేలిపోతుంది.

ఇది తేల్చుకోకుండా మాట్లాడితే మాట పోతుంది. పైనుంచి వంతు ప్రకారం కోత పెడుతున్నప్పుడు "మనం తగ్గిస్తే మనకు కోత ఉండదు" అని ఎప్పుడూ చెప్పకండి. ఒక్క సముదాయం తగ్గించినంత మాత్రాన వంతులోంచి దాని పేరు తీసేయరు. ఒక ప్రాంతం మొత్తం ఒకేసారి తగ్గిస్తే మాత్రం ఫలితం కనిపిస్తుంది. 2022 సెప్టెంబరు 6న కాలిఫోర్నియాలో ఎండలకు వాడకం రికార్డు స్థాయికి చేరింది. సాయంత్రం ఆరు గంటల ముందు ప్రభుత్వం ఫోన్లకు అత్యవసర సందేశం పంపింది. అరగంటలోపే 2,000 మెగావాట్లకు పైగా వాడకం తగ్గింది, వంతులవారీ కోతలు తప్పాయి. ఆ సందేశంలో మూడు విషయాలున్నాయి. అవసరం లేనివి ఇప్పుడే ఆపమంది. రాత్రి తొమ్మిదింటి దాకా అని గడువు చెప్పింది. ఆరోగ్యం అనుమతిస్తేనే అని షరతు పెట్టింది. మీ ప్రసంగానికి ఇంతకన్నా మంచి నమూనా దొరకదు.

మూడో రకం కోతలో మాత్రం పగ్గాలు పూర్తిగా మీ చేతిలో ఉంటాయి. కాబట్టి ఇక్కడి నుంచి ఆ సందర్భాన్నే పట్టుకుని వెళదాం.

రెండో అడుగు: మీటరు చదవండి

యూనిట్లు వేరు, లోడ్ వేరు. ప్రయాణంలో దూరం ఎంతో, వేగం ఎంతో అన్నంత తేడా ఉంది ఈ రెంటికీ. బిల్లు వచ్చేది యూనిట్ల మీద, ఫ్యూజు పోయేది లోడ్ వల్ల. నెలంతా పొదుపుగా ఉన్న ఇల్లు కూడా రాత్రి ఎనిమిదింటికి అన్నీ ఒకేసారి వేస్తే ట్రాన్స్‌ఫార్మర్‌కు భారమే. ప్రసంగం వినేవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు. ముందు మీకు బాగా తెలియాలి.

96 ఇళ్లున్న ఒక సముదాయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దానికి 200 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత లోడ్ మోయగలదో చెప్పే కొలత కేవీఏ. ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం దాని ఒంటికి బిగించిన రేకు మీద చెక్కి ఉంటుంది, దూరం నుంచే చూసి రాసుకోండి. మొత్తం సముదాయానికి ఒక ప్రధాన మీటరు ఉంటే దాని తెర మీద `kWh` అని కనిపించే అంకెను సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా అరగంటకోసారి రాయించండి. పెద్ద మీటర్లు అసలు వాడకాన్ని నేరుగా చూపించవు. చూపించిన అంకెను ఒక గుణకంతో హెచ్చించాలి. అది మీటరు పెట్టె మీద గానీ బిల్లులో గానీ ఉంటుంది. ఆ గుణకం మరిచిపోతే లెక్క మొత్తం గల్లంతవుతుంది. మన ఉదాహరణలో గుణకం 40.

ఎనిమిది గంటలకు, ఎనిమిదిన్నరకు తీసిన అంకెల మధ్య తేడా 2.6 అనుకుందాం. అరగంట లెక్క కాబట్టి రెండుతో హెచ్చిస్తే సగటు లోడ్ వస్తుంది.

```
తేడా × గుణకం × 2 = సగటు కిలోవాట్లు
2.6 × 40 × 2 = 208 కిలోవాట్లు
208 ÷ 0.95 = 219 కేవీఏ
```

చివరి వరసలో 0.95 పవర్ ఫ్యాక్టర్, అంటే కిలోవాట్లను కేవీఏగా మార్చడానికి వాడే అంకె. మీ బిల్లులో ఎంత ఉంటే అంత వేసుకోండి. 200 మోయాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ 219 మోస్తోందని తేలింది. మిగతా అరగంటలు ఇలా ఉన్నాయి: ఏడున్నర నుంచి ఎనిమిది దాకా 184 కిలోవాట్లు, ఎనిమిదిన్నర నుంచి 200, తొమ్మిది నుంచి 192, తొమ్మిదిన్నర దాటాక 168. మధ్యాహ్నం మూడింటికి 88 మాత్రమే.

అంటే రోజులో ఇరవై రెండు గంటలు ఈ సముదాయానికి ఏ ఇబ్బందీ లేదు. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆ రెండు గంటలే గండం. ప్రసంగంలో అడగాల్సింది కూడా ఆ రెండు గంటలే. "సాయంత్రం పూట" అని పొడవుగా అడిగితే ఎవరూ చేయరు.

మీటరు దొరకని చోట, ప్రతి ఇంటికీ విడి మీటరే ఉన్న చోట, విద్యుత్ శాఖ సిబ్బందిని గానీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను గానీ పిలిచి తీగ చుట్టూ బిగించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో కొలిపించండి. కొలత పీక్ వేళలోనే తీయాలి. పొద్దున పదింటికి తీసిన కొలత దేనికీ పనికిరాదు.

మూడో అడుగు: మూడు ఫేజులూ విడివిడిగా చూడండి

చాలా సముదాయాలు వదిలేసే అడుగు ఇది. మొత్తం లోడ్ సరిగ్గానే ఉన్నా ఒక ఫేజు మీద ఎక్కువ ఇళ్లు పడితే ఆ ఫేజు ఫ్యూజు పోతూనే ఉంటుంది.

200 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 415 వోల్టుల దగ్గర ఒక్కో ఫేజులో సుమారు 278 ఆంపియర్లు మోయగలదు. మన ఉదాహరణలో ఎనిమిదింపావుకు క్లాంప్ మీటరు ఆర్ ఫేజులో 350, వై ఫేజులో 305, బి ఫేజులో 260 చూపించింది. బి ఫేజు ఇళ్లవాళ్లు ఏం ఆపినా ఆర్ ఫేజుకు ఒరిగేదేమీ లేదు. ఇలాంటప్పుడు ముందు జరగాల్సింది లోడ్ సర్దుబాటు. అంటే ఆర్ ఫేజులోంచి బాగా వాడే కొన్ని ఇళ్లను బి ఫేజుకు మార్పించాలి. విద్యుత్ శాఖ అనుమతితో లైసెన్సు ఉన్నవాళ్లు చేయాల్సిన పని అది. అది చేయించకుండా జనం చేత ఏసీలు ఆపించడం అన్యాయం. వాళ్లు కష్టపడతారు, కరెంటు మాత్రం పోతూనే ఉంటుంది, మళ్లీ ఇంకెప్పుడూ మీ మాట వినరు.

సర్దుబాటు అయ్యాక మూడు ఫేజులూ 305 దగ్గరకు వచ్చాయనుకుందాం. ఇప్పటికీ ఎక్కువే. కానీ ఇప్పుడు ఏ ఇల్లు తగ్గించినా అందరికీ పనికొస్తుంది.

నాలుగో అడుగు: ఎంత తగ్గాలో తేల్చి, ముందు మీ వాటా తగ్గించండి

ట్రాన్స్‌ఫార్మర్‌ను సామర్థ్యంలో తొంభై శాతం దగ్గర ఆపగలిగితే కాస్త ఊపిరి ఆడుతుంది. 200లో తొంభై శాతం 180 కేవీఏ, అంటే 171 కిలోవాట్లు. 208 నుంచి 171కి రావాలంటే 37 కిలోవాట్లు తగ్గాలి.

ఈ 37 కోసం వెంటనే ఇళ్ల తలుపులు తట్టకండి. అసోసియేషన్ చేతిలో ఉన్నది ముందు చూడండి. మన సముదాయంలో సంపు నుంచి పైట్యాంకుకు నీళ్లు ఎక్కించే 7.5 హెచ్‌పీ మోటార్లు రెండున్నాయి. ఒక్కోటి సుమారు ఆరున్నర కిలోవాట్లు లాగుతుంది. సాయంత్రం నీళ్ల వాడకం పెరగగానే ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ కిందికి దిగి రెండు మోటార్లూ వాటంతట అవే మొదలవుతాయి, సరిగ్గా ఆ గండం వేళలోనే. స్విచ్‌కు టైమర్ బిగించి, ఏడు గంటలకల్లా ట్యాంకు నిండేలా, తొమ్మిదిన్నర దాకా మోటారు తిరగకుండా చేస్తే 13 కిలోవాట్లు తగ్గినట్టే. ట్యాంకు రెండు గంటల వాడకానికి సరిపోతుందో లేదో మాత్రం ఒకటి రెండు రోజులు చూసుకోండి. నీళ్లు ఆగిపోతే కరెంటు గొడవకు నీళ్ల గొడవ తోడవుతుంది.

పార్కింగులో ఆ వేళకు మూడు ఎలక్ట్రిక్ కార్లు చార్జింగులో ఉంటున్నాయి. ఒక్కోటి 3.3 కిలోవాట్లు. వాటిని రాత్రి పదకొండున్నర తర్వాతకు మారిస్తే ఇంకో పది కిలోవాట్లు పోతాయి. కార్లవాళ్లతో సభలో మాట్లాడకండి, ముందే విడిగా కలవండి. ముగ్గురే కాబట్టి పది నిమిషాల పని. అందరి ముందూ అంటే వేలెత్తి చూపినట్టవుతుంది.

ఈ రెంటితోనే 208 కాస్తా 185కు వచ్చింది. అంటే 195 కేవీఏ. హద్దులోపలికి వచ్చింది గానీ అంచు మీదే ఉంది, ఇంకాస్త ఎండ కాస్తే మళ్లీ దాటుతుంది. ఇంకా 14 కిలోవాట్లు కావాలి. ఆ 14 కోసమే ప్రసంగం.

ఐదో అడుగు: ఏం అడగాలో ఎంచుకోండి

చాలామంది కార్యదర్శులు ఇక్కడే దారి తప్పుతారు. లైట్లు ఆపమంటారు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు ఇంటికి మూడు చొప్పున 96 ఇళ్లూ ఆపినా తగ్గేది రెండున్నర కిలోవాట్లు. 96 ఇళ్లూ ఆపడం ఎలాగూ జరగదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది: లైట్లు ఆపినవాళ్లు తమ వంతు అయిపోయిందనుకుని ఏసీ జోలికి వెళ్లరు. ఫ్రిజ్ ఆపమనడం కూడా తప్పే. దాని లోడ్ తక్కువ, లోపలివి పాడయ్యే నష్టం ఎక్కువ.

పెద్ద లోడ్ ఎక్కడుందో చూడండి. ఒకటిన్నర టన్నుల ఏసీ సగటున 1.2 కిలోవాట్ల దాకా లాగుతుంది. నీళ్లు వేడిచేసుకునే వాషింగ్ మెషిన్, గీజర్ చెరో 2 కిలోవాట్లు. ఇండక్షన్ పొయ్యి 1.8, ఇస్త్రీ పెట్టె 1. వీటిలో ఒక్కటి ఆగితే రెండు వందల పైచిలుకు ఎల్ఈడీ బల్బులు ఆపినట్టయినా కావచ్చు. వంట మాత్రం ఆపమనకండి, ఆ వేళకు తినాల్సిన ఇల్లు తినాలి.

మిగతావాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది రెండో ఏసీ. ఇంట్లో రెండు ఏసీలు వేసుకునేవాళ్లు ఆ రెండు గంటలు ఒకే గదిలో కూర్చుని ఒక్కటే వేసుకుంటే 1.2 కిలోవాట్లు తగ్గుతుంది. 14ను 1.2తో భాగిస్తే పన్నెండు ఇళ్లకు దగ్గరగా వస్తుంది. తొంభై ఆరు ఇళ్లలో పన్నెండు. మీ ప్రసంగానికి గుండెకాయ ఈ అంకే. "అందరూ తగ్గించాలి" అన్నప్పుడు నేనొక్కణ్నీ తగ్గిస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. "పన్నెండు ఇళ్లు చాలు" అన్నప్పుడు ఆ పన్నెండులో నేనొకణ్ని అనిపిస్తుంది.

ఏసీ ఉష్ణోగ్రత పెంచమనడం మంచిదే. ఒక్కో డిగ్రీకి సుమారు ఆరు శాతం వాడకం తగ్గుతుందని లెక్క. కానీ బాగా వేడెక్కిన గదిలో అప్పుడే వేసిన ఏసీ 22 మీద పెట్టినా 26 మీద పెట్టినా మొదటి అరగంట పూర్తి బలంతోనే తిరుగుతుంది. అందుకే ఆరున్నరకే వేసి గది చల్లబరిచి, ఏడున్నరకు 26కో 27కో పెంచి ఫ్యాను వేసుకోమని చెప్పాలి. ముందు చల్లబరచడం లేకుండా డిగ్రీలు మాత్రమే పెంచమంటే పీక్‌లో పెద్దగా తేడా రాదు.

ఆరో అడుగు: ప్రసంగం

రాత్రి ఎనిమిదింటికి సభ పెట్టకండి. ఆ వేళ జనం రారు, వచ్చినా వాళ్ల ఇళ్లలో ఏసీలు నడుస్తూనే ఉంటాయి. సెలవు రోజు పొద్దున లేదా సాయంత్రం ఐదున్నరకు పెట్టండి. మీటరు అంకెలను పెద్ద కాగితం మీద గీతలుగా గీసి వెనక అంటించండి. రోజంతా కింద నడిచి రాత్రి ఎనిమిదికి గోపురంలా లేచే ఆ గీతను చూస్తే సగం మాట చెప్పాల్సిన పనుండదు.

మన ఉదాహరణకు సరిపోయే ప్రసంగం ఇలా ఉండొచ్చు. మీ అంకెలు పెట్టుకుని, మీ నోటికి నప్పేలా మార్చుకోండి.

> అందరికీ నమస్కారం. కరెంటు సంగతి మాట్లాడదామని పిలిచాను. ఏడు నిమిషాల్లో ముగిస్తాను.
>
> మన కరెంటు ఎందుకు పోతోందో వారం రోజులు చూశాం. వీధిలో దీపాలు వెలుగుతుండగా మనకు మాత్రమే పోతోంది. అంటే ఇది పైనుంచి పెడుతున్న కోత కాదు. మన ట్రాన్స్‌ఫార్మర్ 200 మోస్తుంది. రాత్రి ఎనిమిదింటికి మనం దాని మీద 219 పెడుతున్నాం. ఈ కాగితం చూడండి. మధ్యాహ్నం అందులో సగం కూడా లేదు. ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఈ రెండు గంటలే మన ఇబ్బంది.
>
> ముందు అసోసియేషన్ ఏం చేసిందో చెబుతాను. నీళ్ల మోటార్లు ఆ రెండు గంటలూ తిరగవు, టైమర్ పెట్టించాం. కార్ల చార్జింగు పదకొండున్నర తర్వాతే. కార్లున్నవాళ్లు అడగ్గానే ఒప్పుకున్నారు, వాళ్లకు కృతజ్ఞతలు. ఫేజుల సర్దుబాటు కూడా అయింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కోసం దరఖాస్తు ఇచ్చాం. అది వచ్చేదాకా ఆగాలి కదా.
>
> వీటన్నిటి తర్వాత ఇంకా పద్నాలుగు కిలోవాట్లు తగ్గాలి. రెండు ఏసీలు వేసుకునే ఇళ్లలో పన్నెండు ఇళ్లు ఆ రెండు గంటలూ ఒక్క ఏసీతో సరిపెట్టుకుంటే ఆ పద్నాలుగూ వచ్చేస్తాయి. మనం తొంభై ఆరు ఇళ్లం. నేను అడుగుతున్నది పన్నెండు ఇళ్లనే. మా ఇల్లు మొదటిది.
>
> ఒక్క ఏసీయే ఉన్నవాళ్లు దాన్ని ఆపక్కర్లేదు. ఆరున్నరకే వేసి గది చల్లబరుచుకోండి, ఏడున్నరకు ఇరవై ఆరు చేసి ఫ్యాను వేసుకోండి. ఏసీ లేనివాళ్లు బట్టలుతకడం, ఇస్త్రీ, గీజరు తొమ్మిదిన్నర తర్వాతకు పెట్టుకోండి. లైట్లు ఆపక్కర్లేదు. ఫ్రిజ్ ముట్టుకోవద్దు. వంట మీ వేళకు మీరు చేసుకోండి.
>
> ఇంట్లో పసిపిల్లలున్నవాళ్లు, పెద్దవాళ్లున్నవాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు, ఆక్సిజన్ మిషన్ లాంటివి వాడేవాళ్లు ఏదీ తగ్గించనక్కర్లేదు. కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీ కోసమే మిగతావాళ్లం తగ్గిస్తున్నామనుకోండి.
>
> ఇంకొక్క మాట. తొమ్మిదిన్నర కొట్టగానే అందరం ఒకేసారి వేస్తే అప్పుడు పోతుంది. ఎ బ్లాకు తొమ్మిదిన్నరకు, బి బ్లాకు ముప్పావుకు, సి బ్లాకు పదింటికి. ఒకవేళ మధ్యలో కరెంటు పోయి వస్తే పావుగంట ఆగి ఏసీ వేయండి.
>
> రేపటి నుంచి రోజూ పొద్దున లిఫ్ట్ పక్కన బోర్డు మీద ముందురోజు అంకె రాస్తాం. 171 కిందికి వస్తే మనం గట్టెక్కినట్టే. ఎవరింట్లో ఎంత వాడారో రాయం, అడగం. పన్నెండు ఇళ్లలో ఎవరెవరు ఉంటారో ఇప్పుడు చేతులెత్తి చెప్పండి.

చివరి వాక్యం వదలకండి. జనం తల ఊపినదాని కన్నా నలుగురి ముందు చెయ్యెత్తినదాని మీదే నిలబడతారు. ఎత్తిన చేతులు ఎనిమిదే అయితే "ఎనిమిది వచ్చాయి, ఇంకో నాలుగు కావాలి" అని చెప్పి ఆగండి. ఆ నిశ్శబ్దంలో మరి కొన్ని లేస్తాయి.

కరెంటు పోయి వచ్చినప్పుడు పావుగంట ఆగమనడానికి గట్టి కారణముంది. అరగంట కరెంటు లేకపోతే గదులన్నీ వేడెక్కుతాయి, ఇళ్లలోని ఇన్వర్టర్ల బ్యాటరీలు దిగిపోతాయి. కరెంటు రాగానే ఏసీలన్నీ ఒకేసారి పూర్తి బలంతో మొదలవుతాయి, వాటికి తోడు ఇన్వర్టర్లు చార్జింగుకు లాగుతాయి. పోవడానికి ముందున్న దానికన్నా లోడ్ ఎక్కువవుతుంది. లైన్‌మన్ ఫ్యూజు వేసి మెట్లు దిగేలోపు మళ్లీ పోయేది ఇందుకే.

అడిగే ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి

"బిల్లు కడుతున్నాం కదా, మేమెందుకు తగ్గించాలి?" అని ఒకరు తప్పక అడుగుతారు. వాదించకండి. "కట్టేది యూనిట్లకు. మీ యూనిట్లు మీరు వాడుకోండి, ఈ రెండు గంటలు మాత్రం ఒకేసారి వాడొద్దంటున్నాం" అని చెప్పండి.

"ఇరవై ఏళ్లుగా మోసింది, ఇప్పుడేమైంది?" అనేది ఇంకో ప్రశ్న. కాస్త ఎక్కువ లోడ్ పడగానే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోదు. అందులో నూనె మెల్లగా వేడెక్కుతుంది.  లోపల చుట్టకు కట్టిన కాగితపు ఇన్సులేషన్ ఉండాల్సిన హద్దు దాటి ప్రతి ఆరు డిగ్రీల వేడికీ దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజినీర్ల లెక్క. ఈ వేసవి గడిచిపోయినా ఆ నష్టం లోపల మిగిలే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారి కాలిపోతే రెండు గంటల కోత కాదు, కొత్తది తెచ్చి బిగించేదాకా చీకటే.

"ఫలానా ఇంట్లో నాలుగు ఏసీలున్నాయి" అని ఎవరో అంటారు. ఆ మాటను అక్కడే ఆపేయండి. సభ పంచాయితీ అయిందంటే ఆ రోజుకు పని చెడినట్టే.

ఏడో అడుగు: బోర్డు

ప్రసంగం ప్రభావం నాలుగైదు రోజులకు సన్నగిల్లుతుంది. దాన్ని నిలబెట్టేది లిఫ్ట్ పక్కనున్న బోర్డు. రోజూ ఒకే అంకె రాయండి: నిన్న రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా ఎన్ని కిలోవాట్లు. పక్కన 171 అని ఎర్రగా రాసి ఉంచండి.

ఒక్కో ఇంటి వాడకాన్ని సగటుతో పోల్చి చూపాలన్న ఆలోచన వస్తే జాగ్రత్త. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో చేసిన ఒక పరిశోధన 2007లో వెలువడింది. ఇళ్లకు చుట్టుపక్కలవాళ్ల సగటు వాడకం ఎంతో చెప్పి చూశారు. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు, కానీ అప్పటికే తక్కువ వాడుతున్నవాళ్లు పెంచేశారు. సగటుతో పాటు తక్కువ వాడినవాళ్లకు ఒక నవ్వు ముఖం బొమ్మ గీసి ఇచ్చినప్పుడే ఆ పెరుగుదల ఆగింది. కాబట్టి మొత్తం సముదాయం అంకె ఒక్కటే పెట్టండి, తగ్గించినవాళ్లను మెచ్చుకోండి.

అంకెను చదవడంలోనూ కొన్ని మోసాలున్నాయి. వాన పడి చల్లబడిన రోజు 150 కనిపిస్తే అది వాన పుణ్యం. ఆ అంకె పక్కన "వాన" అని రాయండి, లేకపోతే గెలిచామనుకుని మర్నాడు అందరూ వదిలేస్తారు. ఎనిమిదింటి అంకె తగ్గి తొమ్మిదీ నలభై ఐదుకు కొత్త గోపురం లేస్తే బ్లాకుల వంతు ఎవరూ పాటించడం లేదని అర్థం, వంతుల మధ్య దూరం అరగంట చేయండి. అందరూ ఆపుతున్నామంటున్నా అంకె కదలకపోతే జనాన్ని అనుమానించే ముందు మోటారు గదికి వెళ్లి చూడండి. టైమర్ తీసేసి ఎవరో మోటార్లు చేత్తో వేస్తూ ఉండొచ్చు. అంకె తగ్గినా ఒకే ఫేజు పోతుంటే ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ క్లాంప్ మీటరుతో పిలవండి. ఆ ఫేజు ఫ్యూజు దగ్గర బిగింపు వదులై కాలుతూ ఉండొచ్చు, దానికి ప్రసంగం మందు కాదు.

పది రోజుల తర్వాత సభ పిలవకుండా రెండు నిమిషాలు మాత్రం మాట్లాడండి, ఏదైనా వేరే పనికి జనం గుమిగూడినప్పుడు. మొదటి రోజు అంకె, నిన్నటి అంకె, ఈ మధ్యలో ఎన్నిసార్లు కరెంటు పోయింది, ఈ మూడూ చెబితే చాలు. చేతులెత్తిన పన్నెండు ఇళ్లలో ఎవరికైనా వీలుపడకపోతే వాళ్ల బదులు ఇంకొకరిని అక్కడే అడగండి. వేసవంతా అవే ఇళ్ల మీద భారం వేయడం తగదు, నెలకోసారి ఇళ్లు మారేలా చూడండి.

ఎండలు తగ్గి, ఎవరూ ఏమీ ఆపకుండానే ఎనిమిదింటి అంకె రెండు వారాల పాటు 171 కింద నిలిచినప్పుడు, లేదా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన రోజున, అభ్యర్థన ఎత్తేస్తున్నామని అదే బోర్డు మీద రాయండి. దానికి ముందు ఆ రెండు వారాలూ అందరినీ మామూలుగా వాడమని చెప్పి అంకె చూసుకోండి. ముగింపు తేదీ చెప్పకుండా వదిలేస్తే వచ్చే వేసవికి మీరు మళ్లీ అడిగినప్పుడు చేతులు లేవవు. మోటారు టైమర్ మాత్రం తీయకండి, అది ఏడాది పొడవునా అలాగే ఉండనివ్వండి.